ఎస్తేరమ్మ కుట్టిన కాలరు

విమానం దిగినవాళ్ల పెట్టెలు ఒక్కోసారి విమానం దిగవు. అలాంటి రోజుల్లో శంషాబాద్ హోటళ్లలో కౌంటరు మీద కూర్చునేవాళ్లు జ్ఞానదాసుకు ఫోన్ చేస్తారు. సాయంత్రం పెళ్లి ఉందనో రిసెప్షన్ ఉందనో, ఒంటిమీద ఉన్న బట్టలు తప్ప ఏమీ లేవనో ఒక మనిషి ఆటో దిగి అతని కొట్టు ముందు నిలబడతాడు. పద్నాలుగేళ్లుగా అతని బతుకు అదే.

కొట్టు బస్టాండు వెనక సందులో ఉంది. పైన రేకులు. రెండు రేకుల మధ్య పగులు. విమానం కిందుగా పోయినప్పుడు ఆ పగులులోంచి దాని నీడ మెషీన్ మీద ఒక్క క్షణం వాలి, కుట్టు దాటి, గోడ ఎక్కి పోతుంది. జ్ఞానదాసు తల ఎత్తడు.

అతని దగ్గర ఎప్పుడూ సగం కుట్టిన బట్టలు వేలాడుతుంటాయి. కింద మడత వేయని కుర్తాలు. కాజాలు తీయని షేర్వాణీలు. పక్క కుట్లు కచ్చాగా వేసి వదిలేసిన, గొంతు దాకా మూసుకునే కోటులాంటి బంద్‌గలాలు. మనిషి వచ్చి నిలబడ్డాక ఒంటిని చూసి, పొట్ట ఉంటే వదిలి, భుజం జారి ఉంటే ఎత్తి పూర్తి చేస్తాడు. కుర్తాకు రెండు గంటలు, మిగతావాటికి ఒక పూట. ఈ పద్ధతి ఎవరూ నేర్పలేదు. పెట్టె రాని మొదటి మనిషి, "రేపటికి వద్దు, ఇప్పుడే కావాలి" అని ఏడుపు మొహం పెట్టిన రోజు తనే కనిపెట్టుకున్నాడు.

పని మొదటినుంచీ రెండుగా పంచుకున్నారు. భుజాలు, ఛాతీ, చేతులు, అడుగు జ్ఞానదాసువి. మెడ అతని భార్య ఎస్తేరమ్మది. కాలరు కత్తిరించడం, లోపల కాన్వాసు పెట్టడం, మెడ చుట్టూ చేత్తో కుట్టడం, హుక్కు వేయడం, ఎవరైనా అడిగితే కాలరు మీద మగ్గం పని చేయడం అన్నీ ఆమెవే. "మనిషి మొహం ఎట్లున్నా మెడ మంచిగుండాలె" అనేది. నిరుడు వానలు ఆగకముందే ఆమె జ్వరంతో దవాఖానకు పోయింది. నాలుగోరోజు తెల్లగుడ్డ కప్పి ఇంటికి తెచ్చారు. నలభయ్యో రోజు ప్రార్థనకు చర్చివాళ్లు వచ్చినప్పుడు జ్ఞానదాసు అందరికీ కుర్చీలు వేశాడు, టీ పోశాడు. గట్టి మనిషి అన్నారు. అతను తల ఊపాడు.

గట్టిగా ఉండడం కాదది. ఏమీ తెలియకపోవడం. సూది వేలిలో దిగితే రక్తం చూసి తెలుసుకునేవాడు. అన్నంలో ఉప్పు వేయడం మరిచిపోయి మూడు రోజులు తిన్నాడు.

ఆ తర్వాత అతను కాలరు పెట్టలేదు. ఆమె పూర్తి చేసి పెట్టిన బంద్‌గలాలు ఒక్కొక్కటీ పోయాయి. డిసెంబరు నాటికి అన్నీ అయిపోయాయి. హోటళ్లకు చెప్పేశాడు, ఇక కుర్తాలే అని. కుర్తాకు మెడ గుండ్రంగా కత్తిరించి, ఛాతీ దాకా పట్టీ వేసి, నాలుగు గుండీలు కుడితే చాలు. అతను కుట్టేవాటికి కాలరు ఉండదు. ఎవరి మెడ చూసినా ఎవరూ గుర్తుకు రారు.

ఒక్క షేర్వాణీ మిగిలింది. నల్లద్రాక్ష రంగు పట్టు. ఎత్తైన కాలరు, ముందు రెండు కొసలూ గుండ్రంగా తిరిగి, కొంచెం ఎడంగా నిలబడేలా కత్తిరించినది. కాలరు నిండా సన్నటి జరీ తీగ, మధ్య మధ్య ముత్యంత చుక్కలు. దవాఖానకు పోయే ముందు వారం కుట్టి, దారం కొరికి, "ఇగో, అయిపోయింది" అని మేకుకు తగిలించింది. ఆ మేకునుంచి అది ఇంకా దిగలేదు. ఇద్దరు పెళ్లికొడుకులు అడిగితే సైజు కాదని అబద్ధం చెప్పాడు.

మాఘమాసంలో ఒక శుక్రవారం పొద్దున పదకొండింటికి వీరరాఘవులు వచ్చాడు. అరవై రెండేళ్లుంటాయి. పెద్ద ఛాతీ, ఇంకొంచెం పెద్ద పొట్ట. కాకినాడవైపు మనిషి. కొత్తూరులో ఒక మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ మేనేజరుగా చేసి రిటైరై శంషాబాద్‌లోనే ఇల్లు కట్టుకున్నాడు. వెంట భార్య లలితకుమారి. కూతురు సంయుక్త పెళ్లి మూడు రోజుల కిందట ఊళ్లో జరిగింది. పొద్దున్నే రాజమండ్రిలో విమానం ఎక్కి వచ్చారు. సాయంత్రం ఏడింటికి బెంగళూరు రోడ్డు మీద ఫంక్షన్ హాలులో రిసెప్షన్. ఒక పెట్టె రాలేదు. రేపు మధ్యాహ్నానికి తెప్పిస్తామన్నారు.

"అన్ని పెట్టెలూ వచ్చాయండీ. ఈయనది తప్ప" అంది లలితకుమారి. "నా చీరలు నేను చేతిసంచిలో పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి అంటే విన్నారా?"

"నలుగుతుందని పెట్టలేదే."

"ఇప్పుడు చక్కగా నలక్కుండా ఉంది, రాజమండ్రిలో."

ఆ పెట్టెలో బంద్‌గలా ఉంది. సంయుక్త పట్టుబట్టి నాన్నకు కుట్టించింది. బజారులో రెడీమేడ్ కొట్లు రెండు తిరిగి వచ్చారు. వీరరాఘవులు ఛాతీకి సరిపడేది ఎక్కడా లేదు. సిటీకి పోయి వెతికే సమయమూ లేదు.

"సార్, నా దగ్గర బంద్‌గలా లేదు" అన్నాడు జ్ఞానదాసు. "కుర్తా అయితే ఒంటిగంటకల్ల ఇస్త. పట్టులో కుడ్త. మంచిగుంటది."

వీరరాఘవులు భార్య వైపు చూశాడు.

"కుర్తా ఇంట్లో పూజకి బాగానే ఉంటుంది దాసుగారూ" అంది ఆమె. "స్టేజీ మీద అల్లుడు షేర్వాణీలో ఉంటాడు, వియ్యంకుడు సూటులో ఉంటాడు. మధ్యలో ఈయన కుర్తాలో నిలబడితే వాకింగ్‌కి వెళ్తూ దారిలో ఆగినట్టుంటుంది."

"ఆ షేర్వాణీ నా సైజేనేమో?" వీరరాఘవులు మేకు వైపు వేలు చూపించాడు.

"అది మోకాలు దిగి ఉంది. కింద చుడీదార్ వేసుకోవాలి. మీరు అది తొడుక్కుని అల్లుడి పక్కన నిలబడితే వచ్చినవాళ్లు ఎవరికి దండ వేయాలో తెలియక తికమకపడతారు."

వీరరాఘవులు నవ్వబోయి మానేశాడు. స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. "అమ్మాయి ఒక్కటే అడిగింది. నాన్నా, ఆ ఒక్కరోజు బంద్‌గలా వేసుకో అని. ఇంతకాలం ఫ్యాక్టరీ చొక్కాలోనే చూసింది నన్ను" అన్నాడు.

ఎదురుగా ఇస్త్రీ బండి. దాని వెనక నిలబడ్డ కొండల్ అంతా వింటున్నాడు. పదేళ్లుగా జ్ఞానదాసు బట్టలకు ఇస్త్రీ అతనిదే. కాజాల మెషీనూ అతని దగ్గరే ఉంది. ఊరుకోలేకపోయాడు.

"దాసన్నా, షేర్వాణీ పొడుగు కోసేస్తే బంద్‌గలానే గద?"

జ్ఞానదాసు మేకు వైపు చూశాడు. కొండల్ అన్నది అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు. బంద్‌గలాను షేర్వాణీ చేయలేరు, లేని గుడ్డ రాదు గనుక. షేర్వాణీని బంద్‌గలా చేయవచ్చు, పని తెలిసి ఉంటే. రెంటికీ భుజం ఒకటే, లోపల కాన్వాసూ లైనింగూ ఒకటే. పొడుగు వేరు, నడుము కింద వెడల్పు వేరు. మెడ వేరు.

టేపు తీసుకుని లేచాడు. తను ఎందుకు లేచాడో తనకే తెలియలేదు. వీరరాఘవులు ఒంటికి కొలత తీసి, షేర్వాణీని మేకు మీద నుంచి దించాడు. చేతికి బరువు తెలియలేదు.

"ప్యాంటు ఉన్నదా సార్?"

"ఇదిగో, వేసుకున్నదే. నల్లది. ఇస్త్రీ చేయిస్తే చాలు."

"రెండింటికి రండి. ఒకసారి వేసి చూద్దం."

షేర్వాణీ పొడుగు నలభై మూడు అంగుళాలు. ముప్పై దగ్గర సుద్దతో గీత గీశాడు. తొడలు మొదలయ్యే చోటు. మడతకు అంగుళంన్నర వదిలి కత్తెర పెట్టాడు. పట్టు మెత్తటి చప్పుడుతో రెండుగా విడిపోయింది. కింది ముక్క బల్ల మీదనుంచి జారి కాళ్ల మీద పడింది. షేర్వాణీ నడుము దగ్గరనుంచి పావడాలా విచ్చుకుంటుంది. బంద్‌గలా కోటులా పిరుదులను పట్టుకుని నిలబడాలి. పక్క కుట్లు విప్పి, ఛాతీకీ పొట్టకూ వదిలి, నడుము కింద లోపలికి తీసుకున్నాడు. పక్కన పొడుగ్గా ఉన్న చీలికలు ఇప్పుడు బెత్తెడే మిగిలాయి. వాటిని కోటు చీలికల్లా సరిచేశాడు. కోసిన గుడ్డలోంచి రెండు జేబు మూతలు కత్తిరించి కుట్టాడు. షేర్వాణీకి నడుము దాకా ఏడు గుండీలు, ఆ కింద తెరిచి వదిలేస్తారు. బంద్‌గలాకు ఐదు చాలు, చివరిది నడుము దాటాలి. కాజాలు ఇంకా తీయలేదు గనుక ఆ ఇబ్బంది లేదు. ఐదు చుక్కలు పెట్టి గుండుసూదులు గుచ్చాడు.

కాలరు ముట్టుకోలేదు.

అది అలాగే ఉండనివ్వచ్చు అనుకున్నాడు. జరీ ఉంటే ఏం, పెళ్లే కదా. ఎవరు చూస్తారు. రెండింటిదాకా తనకు తాను అదే చెప్పుకున్నాడు.

రెండింటికి వీరరాఘవులు తొడుక్కున్నాడు. భుజం సరిగ్గా కూర్చుంది. ఛాతీ మీద ముడత లేదు. పొట్ట కూడా పరువుగా కనబడింది. అతను అద్దంలో చూసుకుని, "బాగానే ఉందే!" అన్నాడు.

లలితకుమారి ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. తర్వాత దగ్గరకు వచ్చి చూసింది.

"కిందనుంచి గుండీల దాకా మీరే. పైన పెళ్లికొడుకు మెడ."

"గిప్పుడు గిదే ఫ్యాషన్ అమ్మా" అన్నాడు జ్ఞానదాసు. ఆ మాట అతని గొంతులోంచి ఎవరో అన్నట్టు వచ్చింది.

"ఫ్యాషన్ సంగతి సరే. ముందు ఇది మూసుకోవాలి కదండీ." ఆమె భర్త గొంతు దగ్గర వేళ్లు పెట్టింది. కాలరు రెండు కొసల మధ్య రెండు వేళ్ల ఖాళీ. ఆ ఖాళీలోంచి లోపలి బనియను కనబడింది. షేర్వాణీ కింద కుర్తా ఉంటే ఆ సందు అందంగా ఉంటుంది. ఇక్కడ కుర్తా లేదు. వీరరాఘవులు గుటక వేశాడు. కొసలు ఇంకా విడిపోయాయి. "పొట్టిది చేసిన షేర్వాణీ అని చిన్నపిల్ల కూడా చెబుతుంది. ఈ జరీ కాలరు తీసేసి మామూలుది పెట్టలేరా?"

మెషీన్ మీద విమానం నీడ వాలి పోయింది.

"ఐదున్నరకు రండి" అన్నాడు జ్ఞానదాసు.

వాళ్లు వెళ్లాక కొండల్ బండి వదిలి వచ్చాడు. గడపలో కూర్చున్నాడు.

"దాసన్నా, గది వదిన కుట్టింది గద. ఆఖరుది."

"అవ్."

"మరి గదెందుకు ఇప్పుతవ్? కుర్తా ఇచ్చి తోలెయ్ వాళ్లను. నువ్వేమన్న జైలుకు పోతవా?"

"అడుగు కోసిన గదరా."

"అడుగు నీది. మెడ వదినది. నువ్వే అంటవ్ గద."

జ్ఞానదాసు షేర్వాణీని, ఇప్పుడు షేర్వాణీ కాని దాన్ని, ఒళ్లో పెట్టుకుని కాలరు మీద బొటనవేలు పెట్టాడు. జరీ తీగ గరుకుగా ఉండాలి. తెలియలేదు.

"ఆమె ఉంటే గీ మెడ పెట్టి పంపిస్తుండెనా కొండల్?"

కొండల్ ఆలోచించాడు. "పంపకపోతుండె. నన్ను కూడ తిడుతుండె, ఎట్ల ఇస్త్రీ చేసినవని."

"ఇగ చూడు మరి. తప్పు మెడతోటి ఒకాయన స్టేజీ ఎక్కుతడు. కుట్టింది ఎస్తేరమ్మ."

కొండల్ లేచి వెళ్లి బొగ్గులు ఎగదోశాడు.

విప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. మెషీన్ కుట్టు అయితే ఒక దారం లాగితే వచ్చేస్తుంది. ఇది చేతికుట్టు. ప్రతి అంగుళానికీ ఒక ముడి వేసి ఉంది. బ్లేడు కొసతో ఒక్కో ముడీ తెంపాడు. తెగిన దారప్పోగులు మోకాళ్ల మీద రాలాయి. వెనక మెడ మధ్యలో, ఎవరికీ కనబడని చోట, మూడు ముడులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కాలరు ఊడొచ్చింది. బల్ల మీద పెడితే పడిపోలేదు. లోపలి కాన్వాసు దాన్ని గుండ్రంగా నిలబెట్టింది, మధ్యలో మెడ ఉన్నట్టే.

ఆ కాలరు మీద చెయ్యి పడితే ఏదో అవుతుందని ఐదు నెలలుగా భయపడ్డాడు. ఏమీ కాలేదు. బయట ఆటో హారన్ కొట్టింది. అంతే.

కోసిన కింది ముక్కలోంచి కొత్త కాలరుకు గుడ్డ తీశాడు. అదే పట్టు, అదే రంగు. ఎత్తు అంగుళంన్నర. కొసలు గుండ్రంగా తిప్పకుండా, ఒకదానికొకటి ఆనేలా నిలువుగా కత్తిరించాడు. ఇరవై ఏడేళ్లు ఆమె పక్కన కూర్చుని చూశాడు. చూడడం వేరని మొదటి కుట్టుకే తెలిసింది. పై గుడ్డా లోపలి గుడ్డా సమానంగా కత్తిరించాడు. తిప్పేసరికి లోపలిది అంచు దాటి బయటకు తొంగి చూసింది. ఆమె పై గుడ్డను నూలుపోగంత పెద్దది తీసేది. ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు తెలిసింది. మళ్లీ కత్తిరించాడు.

ఒక పక్కనుంచి మొదలుపెట్టి మెడకు కుట్టుకుంటూ వచ్చాడు. చివరికి వచ్చేసరికి కాలరు ఎడమవైపుకు అరంగుళం జరిగింది. కొసలు కలవలేదు. విప్పాడు. వెనక మెడ మధ్యను ముందు పట్టుకోవాలి. అక్కడ మూడు ముడులు వేసి, అక్కడినుంచి ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ రావాలి. విప్పిన మెడలో ఆమె దారాల గుర్తులు చిన్న చిన్న రంధ్రాలుగా ఇంకా ఉన్నాయి. ఆ రంధ్రాల్లోంచే సూది దించాడు. లోపల హుక్కు వేశాడు. వేలిలో సూది దిగింది. ఈసారి రక్తం కనబడకముందే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

కొండల్ ఐదు కాజాలు తీసి, గుండీలు కుట్టి, కోటును వేలాడదీసి ఆవిరి పట్టాడు.

ఐదున్నరకు వీరరాఘవులు తొడుక్కున్నాడు. జ్ఞానదాసు ఎదురుగా నిలబడి కిందనుంచి పైకి ఐదు గుండీలూ పెట్టాడు. గొంతు దగ్గర హుక్కు తగిలించాడు. కొసలు ఒకదానికొకటి ఆనాయి. కాలరుకూ మెడకూ మధ్య తన చూపుడువేలు దూర్చి చూశాడు. ఒక్క వేలు పట్టింది. రెండోది పట్టలేదు. అలాగే ఉండాలి.

"గుటక మింగండి సార్."

వీరరాఘవులు మింగాడు. కాలరు కదల్లేదు.

"ఏదీ, ఇటు తిరగండి" అంది లలితకుమారి. తిరిగాడు. ఆమె అతని భుజం మీది దారప్పోగు దులిపింది. తర్వాత, "ఫ్యాక్టరీ ఎండీ గారిలా ఉన్నారు" అంది.

"ఆయన ఇంత లావుండడే."

"సరే, ఎండీ గారి అన్నగారిలా ఉన్నారు."

వెళ్లబోతూ ఆమె బల్ల మీద నిలబడి ఉన్న కాలరును చూసింది. చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పింది. "ఇందాక కంగారులో సరిగ్గా చూడలేదండీ. ఎంత సన్నటి పని! ఎవరు చేశారు?"

"మా ఇంటామె."

"మా అమ్మాయి జాకెట్లకి ఇలాంటిది చేయించాలి. అడిగి చెబుతారా?"

"ఇప్పుడు చెయ్యట్లేదమ్మా."

ఆమె కాలరును ఎలా ఉన్నదాన్ని అలా జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. ఆటో సందు మలుపు తిరిగేవరకూ వీరరాఘవులు మెడ నిటారుగా పెట్టుకుని కూర్చోవడం వెనకనుంచి కనబడింది.

జ్ఞానదాసు కొట్టు ఊడ్చాడు. దారప్పోగులు చీపురుకు చుట్టుకున్నాయి. చేత్తో తీయవలసి వచ్చింది. కుండలో నీళ్లు తాగి తిరిగి వచ్చేసరికి కొండల్ బండి దగ్గర ఏదో ఇస్త్రీ చేస్తున్నాడు. కాలరు.

"ముడతలు పడ్డది దాసన్నా. మంచిగ దాచుకుంటవని జర సాపు చేస్తున్న."

ఇస్త్రీ పెట్టె కింద కాలరు బల్లపరుపుగా, స్కేలులా పరుచుకుని ఉంది. వంపు పోయింది. లోపలి కాన్వాసు వేడికి మెత్తబడి, చెప్పినట్టు వింది.

జ్ఞానదాసు దాన్ని చూశాడు. కొండల్ అతని మొహం చూసి ఇస్త్రీ పెట్టె పైకెత్తాడు.

"ఏమైందన్నా? కాలిందా?"

"గట్ల కాదు" అన్నాడు జ్ఞానదాసు.

"మరి?"

"కాలరును ఎన్నడూ పండబెట్టి ఇస్త్రీ చెయ్యొద్దు. గట్ల చేస్తే సచ్చిపోతది." ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు ఆగాడు. తర్వాత బండి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "తడిగుడ్డ ఇయ్యి."

కొండల్ ఇచ్చాడు. జ్ఞానదాసు కాలరు మీద తడి అద్ది, చొక్కా చేతులు ఇస్త్రీ చేయడానికి వాడే గుండ్రటి చెక్క అంచు మీద దాన్ని వంచాడు. ఎడమచేత్తో ఒక కొస పట్టుకున్నాడు. "పెట్టె కొస మాత్రమే తగలాలె. కింది అంచును జర గుంజుతుండాలె, పై అంచును ఊకనే వదలాలె. ఆమె గిట్ల పట్టుకునేది. చిటికెనవేలు ఎత్తి. ఎందుకే ఆ వేలు అంటే, అది దాని పనిలో ఉన్నది, నువ్వు నీ పని చూస్కో అనేది."

ఆవిరి లేచింది. చెక్క మీద కాలరు కొద్దికొద్దిగా వంపు తిరిగింది. వేడి అతని వేళ్లకు తగిలింది. చుర్రుమంది. అతను చెయ్యి తీయలేదు.

"మల్ల?" అన్నాడు కొండల్.

"మల్ల ఏంది?"

"ఇంకేమనేది వదిన?"

జ్ఞానదాసు కాలరును రెండో కొసకు తిప్పాడు. "నువ్వు పరాయోనివి గాబట్టి ఊకుంటున్న, మా అక్క కొడుకువైతే ఎప్పుడో మెడపట్టి గెంటుదునని అనేది నిన్ను" అన్నాడు. తడిగుడ్డ మళ్లీ అద్ది, "పెట్టె ఇంకొంచెం కాగనియ్యి" అన్నాడు.

కొండల్ బొగ్గులు ఊదాడు.